కౌన్సిలర్ తొలి ప్రసంగం: మున్సిపాలిటీ చేతిలో ఏముంది, ఏం లేదు

వార్డు కౌన్సిలర్‌కు చట్టం ఇచ్చిన అధికారం ప్రధానంగా ఒక్కటే: మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో కూర్చుని మాట్లాడడం, ఓటు వేయడం. సొంతంగా పని మంజూరు చేసే అధికారం కౌన్సిలర్‌కు లేదు. చెక్కు మీద సంతకం పెట్టే అధికారం లేదు. పారిశుద్ధ్య కార్మికుణ్ణి బదిలీ చేసే అధికారమూ లేదు. ఎన్నికలు ముగిసిన మర్నాటి నుంచి మాత్రం వార్డు జనం మోరీ దగ్గర నుంచి పింఛన్ దాకా అన్ని అర్జీలూ ఆ ఇంటికే తెస్తారు. అందువల్ల గెలిచిన కౌన్సిలర్ వార్డులో పెట్టే మొదటి సభ కృతజ్ఞతలతో ముగిసిపోతే అర్జీల సంగతి తేలదు. ఏ పని మున్సిపాలిటీది, ఏది వేరే శాఖది, ఏది ఎవరూ చేయకూడనిది అనేది ఆ సభలోనే విడదీసి చెప్పాలి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 కింద నడిచే ఒక పట్టణంలో అలాంటి ప్రసంగంలో ఏమేం ఉండాలో చూద్దాం.

అధికారం ఎవరి దగ్గర ఉంది

పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా 74వ సవరణతో వచ్చింది. అది 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలను ఆ సవరణ 12వ షెడ్యూల్లో పేర్కొంది. రోడ్లు, తాగునీరు, పారిశుద్ధ్యం, మురికివాడల మెరుగుదల, వీధి దీపాలు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అందులో ఉన్నాయి. అయితే ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన అధికారం మున్సిపాలిటీకి వచ్చినట్టు కాదు. 243డబ్ల్యూ అధికరణం ప్రకారం ఏ అధికారం ఎంత మేరకు ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా నిర్ణయిస్తుంది. ఒకే పని ఒక రాష్ట్రంలో మున్సిపాలిటీ చేతిలో, మరో రాష్ట్రంలో వేరే సంస్థ చేతిలో ఉండడానికి కారణం అదే.

మున్సిపాలిటీ లోపల కూడా అధికారం మూడు చోట్ల ఉంటుంది. నిర్ణయం తీసుకునేది కౌన్సిల్. అందులో వార్డు కౌన్సిలర్లతో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యే, ఎంపీ వంటి వారు ఉంటారు. నిర్ణయాన్ని అమలు చేసేది కమిషనర్. ఇంజినీర్లు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, బిల్ కలెక్టర్లు, వార్డు ఆఫీసర్లు ఆయన కింద పనిచేస్తారు. వీరిద్దరి మీదా రాష్ట్ర ప్రభుత్వం ఉంటుంది. చట్టానికి విరుద్ధమైన తీర్మానాన్ని అది రద్దు చేయగలదు. జిల్లా కలెక్టర్ల పర్యవేక్షణ అధికారాలను 2019 చట్టం బాగా పెంచింది. విధులు నిర్వర్తించని ప్రజాప్రతినిధుల మీద చర్య తీసుకునే వీలు కూడా అందులో ఉంది.

ఈ అమరికను ప్రసంగంలో రెండు మాటల్లో చెప్పవచ్చు: "నేను ఒక్కన్నే మంజూరు చెయ్యలేను. కౌన్సిల్ పాస్ చేయాలె, కమిషనర్ సార్ చేయించాలె. నా పని మన వార్డు ముచ్చట అక్కడ పెట్టి, అది అయ్యేదాకా వెంటపడుడు." వినేవారికి ఈ మాట మొదట తక్కువగా అనిపించవచ్చు. కాని ఆరు నెలల తర్వాత కౌన్సిలర్‌ను నిలదీయడానికి సరైన ప్రశ్న ఏమిటో కూడా ఇదే చెబుతుంది. మోరీ ఎందుకు కట్టలేదన్నది ఒక ప్రశ్న. ఏ సమావేశంలో పెట్టారు, తీర్మానం నంబరు ఎంత అన్నది మరో ప్రశ్న. జవాబు కచ్చితంగా చెప్పక తప్పనిది రెండోదానికే.

అర్జీలను నాలుగు కుప్పలుగా

వార్డు సభలో వచ్చే కోరికలన్నీ దాదాపు నాలుగు రకాల్లో ఇమిడిపోతాయి.

మొదటి రకం పూర్తిగా మున్సిపాలిటీ పనులు. చెత్త సేకరణ, వీధులు ఊడ్వడం, మోరీల పూడిక తీత, అంతర్గత రోడ్లు, వీధి దీపాలు, నల్లా లీకేజీలు, పార్కులు, శ్మశానవాటిక, ఆస్తిపన్ను లెక్క సరిదిద్దడం ఇందులోకి వస్తాయి. వీటిలో రోజువారీ పనులకు తీర్మానం అక్కర్లేదు. దీపం వెలగకపోతే, చెత్త బండి రాకపోతే అది ఫిర్యాదు నమోదు చేసి చేయించుకునే పని. కొత్త నిర్మాణమైతేనే కౌన్సిల్ దాకా వెళ్లాలి.

రెండో రకం మున్సిపాలిటీకి సగం చేయి మాత్రమే ఉన్న పనులు. వీధి దీపం మున్సిపాలిటీది, అది వేలాడే స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. వంగిన స్తంభాన్ని మార్చడం, వేలాడే తీగను బిగించడం మున్సిపల్ సిబ్బంది చేసే పని కాదు. తాగునీటిలో కూడా ఇలాంటి విభజనే ఉంది. మిషన్ భగీరథ కింద శుద్ధి చేసిన నీటిని పట్టణం దాకా తెచ్చేది రాష్ట్ర యంత్రాంగం, అక్కడి నుంచి వీధుల్లోకి పంపేది మున్సిపాలిటీ. నీళ్లు రానప్పుడు ట్యాంకుకే చేరలేదా, ట్యాంకు నిండినా వీధికి రాలేదా అని ముందు తెలుసుకోవాలి. ఎవరిని అడగాలో దాన్నిబట్టి తేలుతుంది. పట్టణం మధ్యగా పోయే ప్రధాన రహదారి చాలాచోట్ల రోడ్లు భవనాల శాఖది, లేదంటే జాతీయ రహదారి. దాని మీద గుంత పూడ్చడం కూడా కౌన్సిల్ తీర్మానంతో అయ్యే పని కాదు.

మూడో రకం పూర్తిగా వేరే శాఖల పనులు. రేషన్ కార్డు పౌర సరఫరాల శాఖది. ఇంటి స్థలం పట్టా, ప్రభుత్వ భూమి వివాదం రెవెన్యూవి. తగాదా, దొంగతనం పోలీసులవి. పింఛన్ల దరఖాస్తులు తీసుకోవడంలో, విచారించడంలో మున్సిపల్ సిబ్బంది పాత్ర ఉండవచ్చు, కాని ఎంతమందికి, ఏ అర్హతతో ఇవ్వాలన్నది రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం. ఇక్కడ కౌన్సిలర్ చేయగలిగింది దరఖాస్తు సరిగా నింపించడం, ఏ ఆఫీసులో ఆగిందో కనుక్కోవడం, అధికారికి ఉత్తరం రాయడం. అది కూడా పనే. కాని దాన్ని మంజూరు అని చెప్పకూడదు.

నాలుగో రకం చట్టం వద్దన్న పనులు. వీటి సంగతి చివర్లో విడిగా చూద్దాం. ముందు ఒక్క పనిని మొదటి నుంచి చివరి దాకా వెంబడిస్తే, పై రకాలన్నీ ఒకే చోట ఎలా కలుస్తాయో తెలుస్తుంది.

ఒక మోరీ ప్రయాణం

ఒక వార్డులో 120 మీటర్ల పొడవున్న గల్లీకి మోరీ లేదనుకుందాం. వాన పడితే నీళ్లు ఇళ్ల ముందు నిలుస్తున్నాయి. గల్లీ వాళ్లు సంతకాలు చేసి అర్జీ ఇస్తారు. దాని మీద మున్సిపల్ అసిస్టెంట్ ఇంజినీరు వచ్చి చూస్తారు.

ఆయన మొదట చూడాల్సింది పొడవు కాదు, వాలు. మురుగు నీరు తనంతట తాను పారాలంటే కాల్వ అడుగు ఒకవైపు దిగుతూ పోవాలి. ప్రతి 200 మీటర్లకు ఒక మీటరు వాలు పెట్టుకుంటే, 120 మీటర్ల గల్లీలో ఈ కొస కన్నా ఆ కొస 60 సెంటీమీటర్లు దిగువన ఉండాలి. ఆ దిగువ కొస దగ్గర నీటిని అందుకునే పెద్ద కాల్వ ఉండాలి, దాని అడుగు ఇంకా కిందికి ఉండాలి. ఈ లెక్క చూడకుండా కట్టిన మోరీలు చాలా పట్టణాల్లో కనిపిస్తాయి. కాంక్రీటు బాగానే ఉంటుంది, నీళ్లు మాత్రం అందులోనే నిలిచి దోమలు పెరుగుతాయి. కొన్నిచోట్ల పెద్ద కాల్వ నుంచి నీరు వెనక్కి తన్ని గల్లీలోకి వస్తుంది. అందువల్ల "మా గల్లీకి మోరీ" అన్న కోరికకు సరైన మొదటి జవాబు "దాని నీళ్లు ఎక్కడికి పోతాయి?" అనే ప్రశ్నే.

వాలు కుదిరితే ఇంజినీరు అంచనా తయారు చేస్తారు. దీనికి ప్రభుత్వ ధరల పట్టిక ఆధారం. మీటరుకు 4,000 రూపాయలు పడుతుందని ఉదాహరణకు అనుకుంటే 120 మీటర్లకు 4 లక్షల 80 వేలు. ఆ అంచనా కౌన్సిల్ సమావేశం ఎజెండాలోకి ఎక్కాలి. కౌన్సిలర్ అసలు పని ఇక్కడే. ఇదే సమావేశానికి మిగతా వార్డుల నుంచి కూడా ఇలాంటి అంచనాలే వస్తాయి. నిధులు అన్నింటికీ చాలవు. తన వార్డు పని ముందు ఎందుకు జరగాలో ఎన్ని ఇళ్లు మునుగుతున్నాయి, నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తున్నాయి అనే వివరాలతో వాదించి, మిగతా సభ్యుల మద్దతు కూడగట్టాలి.

తీర్మానం ఆమోదం పొందాక సాంకేతిక మంజూరు, తర్వాత టెండరు, ఆ తర్వాత కాంట్రాక్టరుతో ఒప్పందం. ఈ లోపు ఎన్నికల నియమావళి అమల్లోకి వస్తే కొత్త పని మొదలు పెట్టకూడదు. పని మొదలయ్యాక జరిగిన ప్రతి భాగాన్నీ ఇంజినీరు కొలిచి మెజర్‌మెంట్ బుక్‌లో, అంటే అందరూ ఎంబుక్ అని పిలిచే పుస్తకంలో, రాస్తారు. పై ఇంజినీరు దాన్ని సరిచూస్తారు. బిల్లు అయ్యేది ఆ కొలతల మీదే. ఎంబుక్‌లో 120 మీటర్లు రాసి గల్లీలో 105 మీటర్లే ఉంటే, టేపు పట్టుకున్న ఎవరికైనా తేడా దొరుకుతుంది. పని బాగుందని సంతకం పెట్టే బాధ్యత కౌన్సిలర్‌ది కాదు. కొలతలు అడిగి చూసుకునే వీలు మాత్రం ప్రతి పౌరుడికీ ఉంది.

ఇదే మోరీ దారిలో రెండో రకం అడ్డంకులు కూడా వస్తాయి. గల్లీ మూలన విద్యుత్ స్తంభం అడ్డం ఉంటే దాన్ని జరపడానికి పంపిణీ సంస్థ వేరే అంచనా ఇస్తుంది, ఆ డబ్బు ముందే కట్టాలి. నీళ్లు ప్రధాన రహదారి దాటి అవతలి కాల్వలో కలవాలంటే రోడ్డు కోయడానికి రోడ్లు భవనాల శాఖ అనుమతి కావాలి. ఈ రెండూ అంచనా దశలోనే గుర్తించకపోతే, టెండరు పిలిచిన తర్వాత పని మధ్యలో ఆగుతుంది. ఇక ఇళ్ల ముందు మోరీ జాగా మీదికి వచ్చిన మెట్లు, ర్యాంపులు తొలగించడం మున్సిపాలిటీ అధికారమే. నోటీసు ఇచ్చేది కమిషనర్, కాని ఇంటింటికీ తిరిగి ఒప్పించాల్సిన బాధ్యత చాలాసార్లు కౌన్సిలర్ మీదే పడుతుంది. ఈ మాట కూడా సభలో దాచకుండా చెప్పాలి: "మోరీ కావాలె అంటే మన మెట్లు కూడా వెనక్కి పోవాలె. ఇప్పుడు అందరి ముందు ఒప్పుకుంటేనే అర్జీ మీద నేను సంతకం పెడతా."

డబ్బు ఎక్కడిది, ఎంత కట్టుబడి ఉంది

ఎంపీకి ఏడాదికి 5 కోట్ల ఎంపీ ల్యాడ్స్ నిధి ఉంటుంది. ఎమ్మెల్యేలకూ నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంటుంది. మున్సిపల్ కౌన్సిలర్‌కు అలాంటి సొంత నిధి చట్టంలో లేదు. కొన్ని పట్టణాల్లో కౌన్సిల్ నిధులను వార్డులకు సమానంగా పంచుకుంటారు. అది సభ్యుల మధ్య కుదిరిన ఏర్పాటే కాని వార్డుకు చట్టం ఇచ్చిన హక్కు కాదు.

మున్సిపాలిటీ ఆదాయంలో సొంతంగా వసూలు చేసేవి ఆస్తిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్స్ ఫీజులు, భవన అనుమతుల రుసుములు. ఆస్తుల రిజిస్ట్రేషన్ సమయంలో స్టాంప్ డ్యూటీతో పాటు వసూలయ్యే బదిలీ సుంకం స్థానిక సంస్థకు చెందాల్సిన డబ్బు. దాన్ని ముందు రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసి తర్వాత పంపుతుంది. వీటిపైన ఆర్థిక సంఘం గ్రాంట్లు ఉంటాయి.

ఖర్చు వైపు చూస్తే జీతాలు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాల, నీటి పంపుల కరెంటు బిల్లులు ముందు పోతాయి. బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు, పచ్చదనానికి కేటాయించాలని 2019 చట్టమే చెబుతుంది. గ్రాంట్లలో కూడా అన్నీ ఇష్టానుసారం వాడుకునేవి కావు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం నిర్దిష్ట పనులకే కట్టుబడి ఉంది. అందులో సగం పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకు. మిగతా సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. మున్సిపాలిటీ ఖాతాలో డబ్బు ఉండి కూడా రోడ్డు వేయలేకపోవడానికి ఇది ఒక కారణం. ఖజానాలో డబ్బు కనిపించినంత మాత్రాన అది రోడ్డుకు వాడదగ్గ డబ్బు కాకపోవచ్చు.

అయితే నిధులు లేవన్న మాట అన్నిచోట్లా చెల్లదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో తెరిచి ఉన్న మురుగు, దుర్వాసన భరించలేక ఒక వార్డు నివాసులు 1972లో మేజిస్ట్రేటును ఆశ్రయించారు. డబ్బు లేదని మున్సిపాలిటీ వాదించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చి, డ్రైన్లు కట్టడం, ప్రజల ఆరోగ్యం కాపాడడం మున్సిపాలిటీ చట్టబద్ధ విధి అనీ, నిధుల కొరత పేరుతో దాన్నుంచి తప్పించుకోలేదనీ తీర్పు ఇచ్చారు. కాబట్టి కౌన్సిలర్ ప్రసంగంలో రెండింటికీ తేడా కనిపించాలి. కమ్యూనిటీ హాలు, స్వాగత తోరణం వంటివి నిధులను బట్టి చేసేవి. మురుగు పోయే దారి, చెత్త తీత నిధులతో నిమిత్తం లేని బాధ్యతలు. వాటికి ఎప్పుడు అన్న ప్రశ్న ఉండవచ్చు కాని, చేయాలా వద్దా అన్న ప్రశ్న లేదు.

కౌన్సిల్ అంతా ఒప్పుకున్నా చేయకూడనివి

పాత బకాయిల మీద వడ్డీ మాఫీ చేయించమని వార్డు సభల్లో తరచూ అడుగుతారు. తెలంగాణలో ఆస్తిపన్ను బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. దాన్ని తగ్గించే అధికారం కౌన్సిలర్‌కు గాని, ఒక పట్టణ కౌన్సిల్‌కు గాని లేదు. వడ్డీలో 90 శాతం మాఫీ చేసిన సందర్భాలు ఉన్నాయి. అవి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులతో గడువు పెట్టి ఇచ్చినవి. ఇంటి కొలత తప్పుగా నమోదైందని, వాడకం మారిందని ఫిర్యాదు చేస్తే లెక్క సరిదిద్దడం మాత్రం మున్సిపాలిటీ పనే. రెండూ ఒకటి కావు.

ఇంటి అనుమతి కూడా కౌన్సిలర్ ఇప్పించేది కాదు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో నమోదు చాలు. అంతకు మించిన ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో, ఇంకా పెద్దవాటికి ఏకగవాక్ష విధానంలో నిర్ణీత గడువులో అనుమతి వస్తుంది. ఎక్కడా కౌన్సిలర్ సంతకం లేదు. అనుమతి కోసం ఎవరైనా కౌన్సిలర్ పేరు చెప్పి డబ్బు అడిగితే అది మోసమని సభలోనే చెప్పాలి.

మూడోది పార్కు స్థలం. లేఅవుట్ వేసినప్పుడు ఖాళీ స్థలంగా వదిలిన భాగం స్థానిక సంస్థ పేరు మీదికి వస్తుంది. కొన్నేళ్లకు అక్కడ గుడి, కుల సంఘ భవనం, కమ్యూనిటీ హాలు కట్టమని ఒత్తిడి వస్తుంది. జనమంతా అడిగినా, కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించినా అది నిలవదు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇవ్వడాన్ని 1991లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ప్రజల కోసం వదిలిన ఖాళీ జాగా వాడకాన్ని ఇష్టానుసారం మార్చలేరని ఆ తీర్పు స్థిరపరిచింది.

వీధి కుక్కలను ఊరి బయట వదిలేయమనడం నాలుగోది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటిని పట్టుకుని కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి, పట్టిన చోటనే వదలాలి. ఇది స్థానిక సంస్థ బాధ్యత. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే నిలబెడుతూ, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం తిరిగి వదలొద్దంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలని అదే ఏడాది నవంబరులో ఆదేశించింది. అందువల్ల "కుక్కలను పట్టించి పంపిస్తా" అని గల్లీకి ఇచ్చే హామీ చట్టంలో నిలిచేది కాదు. ఆపరేషన్లకు బడ్జెట్ పెట్టించి, ఏ వార్డులో ఎన్ని జరిగాయో లెక్క అడగడం మాత్రం కౌన్సిలర్ చేయగలిగిన పని.

మాట నిలిచిందో లేదో తెలుసుకునే దారులు

2019 చట్టం ప్రతి వార్డులో నాలుగు వార్డు కమిటీలు వేయమంటుంది: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి. ఒక్కో కమిటీలో 15 మంది. ఈ కమిటీలు నిధులు మంజూరు చేయవు. పారిశుద్ధ్యం, మొక్కలు, పనుల తీరు చూసి సలహా ఇస్తాయి. మొదటి ప్రసంగంలో ఈ కమిటీల తొలి సమావేశం తేదీ చెబితే, తర్వాతి సభకు ఒక గడువు ఏర్పడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి కొంత వేరు. అక్కడ 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. చాలా సేవలు కౌన్సిలర్ ఇంటికి పోకుండా అక్కడే అందుతాయి. ఆ సచివాలయ కార్యదర్శులు కమిషనర్ కింద పనిచేస్తారు. వారిని అదుపు చేసే అధికారం కౌన్సిలర్‌కు లేదు. ఆస్తిపన్ను లెక్క కూడా అక్కడ 2020 సవరణతో అద్దె విలువ నుంచి ఆస్తి మూల విలువకు మారింది. ఒక రాష్ట్రంలో విన్న నియమాన్ని మరో రాష్ట్రంలో అడిగితే జవాబు మారేది ఇందుకే.

నివాసులకు అందుబాటులో ఉన్న ఆధారాలు ప్రధానంగా నాలుగు: ఏడాది బడ్జెట్, కౌన్సిల్ ఎజెండా, తీర్మానాల రిజిస్టరు, పనుల ఎంబుక్. ఇవి మున్సిపల్ కార్యాలయంలో ఉంటాయి. అడిగినా చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. మోరీ మీద కౌన్సిలర్ చెప్పిన మాట నిజమో కాదో ఎజెండాలో ఆ అంశం ఉందా, తీర్మానం అయిందా, టెండరు పిలిచారా, బిల్లులో రాసిన పొడవు గల్లీలో ఉందా అన్న వరుసలో చూస్తే తేలిపోతుంది. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ఎజెండాకే రాకపోతే కౌన్సిలర్‌ను, తీర్మానమై కదలకపోతే కమిషనర్‌ను, అనుమతి దగ్గర ఆగితే ఆ శాఖను అడగాలి.